పడుకోగానే ముక్కు దిబ్బడ: ఎత్తు ఎక్కడ పెట్టాలి, ఏ పక్కకు తిరగాలి?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 42 ఏళ్లు. కాకినాడలో బట్టల కొట్టు నడుపుతున్నాను. పగలు ముక్కు బాగానే ఉంటుంది. రాత్రి పడుకున్న అరగంటకే దిబ్బడ వేసి నోటితో ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. తల ఎత్తుగా ఉండాలని మూడు దిండ్లు పెట్టుకుంటే మెడ పట్టేసింది, ముక్కు మాత్రం తెరుచుకోలేదు. రెండు నెలలుగా రాత్రికి రెండుసార్లు ముక్కులో చుక్కలు వేసుకుంటున్నాను. అవి కూడా ఇప్పుడు రెండు మూడు గంటలకు మించి పనిచేయడం లేదు. మూసుకున్న ముక్కు పైకి వచ్చేలా పడుకోమని మా ఆవిడ, ఎప్పుడూ ఎడమ పక్కకే పడుకోమని మా నాన్నగారు అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. మీ ముక్కుకు ఏది సరిపోతుందో తేల్చడానికి వంటింట్లో ఉన్న స్టీలు ప్లేటు చాలు. అది తర్వాత చెబుతాను. ముందు మూడు దిండ్ల సంగతి చూద్దాం.

రాత్రి మీ ముక్కును మూసేస్తున్నది ఎక్కువ భాగం చీమిడి కాదు, రక్తం. ముక్కు లోపల రెండు పక్క గోడలకూ మెత్తటి మాంసపు మడతలుంటాయి. మేం వాటిని టర్బినేట్లు అంటాం. వాటి నిండా సన్నటి రక్తనాళాలు. అవి నిండితే మడత నీళ్లు పీల్చిన స్పాంజిలా ఉబ్బుతుంది, ఖాళీ అయితే కుంచించుకుపోతుంది. నిలబడినా కూర్చున్నా తలలోని రక్తం సులువుగా కిందికి దిగిపోతుంది. చదునుగా పడుకుంటే తల, గుండె ఒకే మట్టానికి వస్తాయి, మెడలోని సిరల్లో ఒత్తిడి పెరుగుతుంది, మడతలు నిండుతాయి. మామూలు మనిషికి కూడా ఇది కొంత జరుగుతుంది, తెలియదంతే. ఎలర్జీ వల్లో చుక్కల మందు వల్లో లోపలి పొర ముందే వాచి ఉన్నవాళ్లకు ఆ కాస్త వాపుకే దారి మూసుకుపోతుంది. అందుకే అర్ధరాత్రి లేచి ఎంత చీదినా ఏమీ రాదు, ముక్కూ తెరుచుకోదు. గట్టిగా చీదిన కొద్దీ ఆ మడతలు ఇంకా రేగుతాయి. చీదాలనిపిస్తే ఒక రంధ్రం మూసి, రెండో దాన్ని మెల్లగా చీది ఆపేయండి.

తల ఎత్తడం వెనక ఉన్న లెక్క ఇదే. తల గుండె కంటే పైన ఉండాలి. మరి మూడు దిండ్లు పెట్టినా ఎందుకు పనిచేయలేదు? దిండు మీద దిండు పెడితే పైకి లేచేది తల ఒక్కటే. భుజాలు పరుపు మీదే ఉంటాయి. మెడ మధ్యలో వంగి, గడ్డం ఛాతీ మీదికి దిగుతుంది. మెడలో సిరలు నొక్కుకుంటాయి, గొంతు దారి ఇరుకవుతుంది, గురక పెరుగుతుంది, తెల్లారేసరికి మెడ పట్టేస్తుంది. పైగా నిద్రలో జారి జారి, రెండు గంటలయ్యేసరికి తల మామూలు దిండు ఎత్తుకే వచ్చి ఉంటుంది.

ఎత్తు మొదలు కావలసింది మెడ దగ్గర కాదు, నడుము దగ్గర. నడుము నుంచి తల దాకా ఒకే వాలుగా లేవాలి. ఇంట్లో ఇది రెండు రకాలుగా చేయొచ్చు.

మొదటిది మంచాన్నే ఎత్తడం. చెక్క మంచమో ఇనుప మంచమో అయితే తలాపు వైపు కోళ్ల రెండింటి కిందా ఎత్తు పెట్టండి. ఆరు అంగుళాలు చాలు. మామూలు ఇటుకలు రెండు పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే సుమారు ఆ ఎత్తు వస్తుంది. కోడు ఇటుక అంచుకు కాకుండా మధ్యలో దిగాలి. అడుగున గోనెపట్టా ముక్కో పాత రబ్బరు చాప ముక్కో వేస్తే టైల్స్ మీద జారదు. ఎక్కి అటూ ఇటూ దొర్లి, మంచం ఊగడం లేదని చూసుకున్నాకే పడుకోండి. ఆరడుగుల మంచానికి ఆరు అంగుళాలంటే చూడ్డానికి వాలు పెద్దగా కనిపించదు. మెడ మాత్రం ఎక్కడా వంగదు, అదే దీనిలోని సుఖం. తల కింద మీకు అలవాటైన ఒక్క దిండే ఉంచుకోండి.

పక్కన పడుకునే మనిషికి ఏటవాలు మంచం నచ్చకపోవచ్చు. స్టోరేజీ మంచమైతే కోళ్లే ఉండవు. అప్పుడు రెండో పద్ధతి. పరుపు కింద, మీరు పడుకునే వైపు, నడుము దగ్గర నుంచి తలాపు దాకా ఒక బొంత మడత పెట్టండి. దాని మీద వీపు మధ్య నుంచి తలాపు దాకా ఇంకో మడత, ఆపైన భుజాల దగ్గర నుంచి మూడోది. మెట్లు మెట్లుగా పెట్టినా పైన పరుపు పడేసరికి వాలుగా మారిపోతుంది. దూది పరుపు, ఫోమ్ పరుపు దీనికి బాగా వంగుతాయి. గట్టి కొబ్బరి పీచు పరుపు వంగదు, మధ్యలో గాలి దూరి కిర్రుమంటుంది. అలాంటప్పుడు త్రికోణం ఆకారంలో దొరికే వెడ్జ్ దిండు కొనుక్కోవచ్చు. కొనేటప్పుడు ఎత్తు కంటే ముందు పొడవు చూడండి. నడుము పైభాగం నుంచి తల దాకా పట్టాలంటే కనీసం రెండడుగులుండాలి. ఎత్తు ఏడు నుంచి పది అంగుళాల మధ్య ఉంటే సరిపోతుంది. అడుగున్నర పొడవున్నవి చవగ్గా వస్తాయి కానీ, అవి మళ్లీ మెడనే వంచుతాయి.

సరిగ్గా కుదిరిందో లేదో మీకు మీరుగా తెలియదు. వెల్లకిలా పడుకుని, మీ ఆవిడను పక్క నుంచి చూడమనండి. తుంటి, భుజం, చెవి ఒకే ఏటవాలు గీత మీద ఉండాలి. గడ్డానికీ ఛాతీకీ మధ్య ఒక పిడికిలి పట్టాలి. పట్టకపోతే తల కింద దిండు పలచన చేయండి, వాలును కాదు. రాత్రి కిందికి జారిపోతుంటే మోకాళ్ల కింద చిన్న దిండు పెట్టుకోండి. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే రెండు మోకాళ్ల మధ్య పెట్టుకోవచ్చు.

ఇక ఏ పక్కకు అన్నది. మన రెండు ముక్కురంధ్రాలు ఎప్పుడూ సమానంగా పనిచేయవు. కొన్ని గంటలపాటు ఒకటి బాగా తెరుచుకుని, రెండోది కాస్త మూసుకుని ఉంటుంది. తర్వాత అవి వంతులు మార్చుకుంటాయి. 1895లో కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీని గురించి రాశాడు. మన యోగులకు అంతకు చాలా ముందే తెలుసు, సూర్యనాడి చంద్రనాడి అని వాళ్లు లెక్క కట్టింది ఈ మార్పునే. చంక కింద యోగదండం పెట్టుకుని కూర్చుంటే రెండో వైపు ముక్కు తెరుచుకుంటుందని వాళ్లకు అనుభవం. అందులో మాయ లేదు. చంక, పక్కటెముకలు, తుంటి మీద ఒక వైపు ఒత్తిడి పడితే ఆ వైపు ముక్కు మూసుకుని, ఎదుటి వైపుది తెరుచుకునే ప్రతిక్రియ ఒకటి శరీరంలో ఉంది. పక్కకు ఒత్తిగిల్లినా జరిగేది ఇదే. పదీ పదిహేను నిమిషాల్లో కింది వైపు రంధ్రం మూసుకుంటుంది, పై వైపుది తెరుచుకుంటుంది. మీ ఆవిడ మాట అక్కడికి సరైనదే.

అయితే అది వంతులు మారే ముక్కుకు సరైన మాట. ఒక వైపు శాశ్వతంగా ఇరుకుగా ఉన్న ముక్కుకు అదే సలహా తిరగబడుతుంది. రెండు రంధ్రాల మధ్య గోడ కొంచెమో గొప్పో వంకరగా ఉన్నవాళ్లు చాలామందే. మీకు గోడ కుడివైపు వంగి ఉందనుకుందాం. కుడి రంధ్రం ఎప్పుడూ సన్నమే, నిజంగా గాలి నడిచేది ఎడమ దానితో. కుడిది మూసుకుంది కదా అని అది పైకి వచ్చేలా ఎడమ పక్కకు తిరిగారు. ఇప్పుడు ఎడమది కిందికి వెళ్లింది, అంటే మంచిగా పనిచేసేది ఉబ్బి మూసుకుంది. పైనున్న కుడి వైపు మడతలు తగ్గినా ఎముక వంకర తగ్గదు కాబట్టి అక్కడా గాలి చాలదు. రెండూ పోయాయి, ఇక నోరే దిక్కు. ఇలాంటివాళ్లు బాగా పనిచేసే రంధ్రం పైన ఉండేలా, అంటే ఇరుకు వైపు కిందికి పెట్టి పడుకోవాలి.

మీది ఏ రకమో తేల్చుకోవడానికే స్టీలు ప్లేటు. ఒక చిన్న ప్లేటును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీసి తుడవండి. కుర్చీలో నిటారుగా కూర్చుని, దాన్ని పై పెదవి దగ్గర అడ్డంగా పట్టుకుని, నోరు మూసి ముక్కుతో మామూలుగా ఊపిరి వదలండి. ప్లేటు మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఏది పెద్దదో కాగితం మీద రాసుకోండి. పొద్దున లేచాక, మధ్యాహ్నం కొట్లో, రాత్రి పడుకోబోయే ముందు, ఇలా ఒక వారం చూడండి. చుక్కలు వేసుకున్న మూడు నాలుగు గంటల్లో మాత్రం చూడొద్దు, మందు లెక్క తప్పిస్తుంది. పెద్ద మచ్చ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు మారుతుంటే మీ గోడ దాదాపు నిటారుగా ఉన్నట్టే, మీ ఆవిడ మాట వినండి. వారమంతా ఒకే వైపు చిన్న మచ్చ పడుతుంటే ఆ వైపు ఇరుకు ఉంది. అప్పుడు ఆ వైపే కింద పెట్టుకుని పడుకోండి.

ఎడమ పక్క గురించి మీ నాన్నగారు చెప్పేది ముక్కు కోసం కాదు, పొట్ట కోసం. ఎడమకు పడుకుంటే కడుపులోని పులుపు గొంతులోకి ఎగదన్నడం తగ్గుతుంది, ఆ మాట నిజం. కొట్టు మూసి ఇంటికి చేరి మీరు తినేసరికి పదవుతుందేమో. తిన్న వెంటనే పడుకునేవాళ్లకు ఈ పులుపు గొంతు వెనక దాకా వచ్చి, అక్కడ మంటను, కఫం ఉన్నట్టు అనిపించడాన్ని పెంచుతుంది. సాయంత్రం కొట్లోనే టిఫినో అన్నమో కాస్త గట్టిగా తినేసి, రాత్రికి మజ్జిగన్నంతో సరిపెట్టుకోగలిగితే పక్క సమస్య కొంత తేలికవుతుంది. ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు లేకపోతే మాత్రం ఎడమా కుడీ అని పట్టింపు అక్కర్లేదు, ప్లేటు చెప్పిన పక్కే మీ పక్క.

పక్కకు తిరిగి పడుకునేటప్పుడు తల కింద దిండు భుజం వెడల్పును పూడ్చేంత మందం ఉండాలి, లేకపోతే తల కిందికి వాలి మెడ నొక్కుకుంటుంది. వెల్లకిలా పడుకునేటప్పటి కంటే ఇది కొంచెం మందమే. నిద్రలో మళ్లీ వెల్లకిలా తిరిగిపోకుండా వీపు వెనక ఒక పొడుగాటి దిండు ఆనించుకోండి.

ఇప్పుడు అసలు చిక్కు, చుక్కలు. సీసా మీద ఆక్సీమెటాజోలిన్ అనో జైలోమెటాజోలిన్ అనో రాసి ఉంటే, మీ దిబ్బడలో సగం వాటిదే అయ్యుండొచ్చు. ఆ మందు మడతల్లోని రక్తనాళాలను బిగిస్తుంది, నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. ప్రభావం దిగిపోగానే అవి మునుపటి కంటే ఎక్కువ ఉబ్బుతాయి. వరసగా ఐదు రోజులకు మించి వాడొద్దనేది అందుకే. రెండు నెలలు వాడితే, రాత్రి రెండింటికి మిమ్మల్ని లేపుతున్నది జలుబో చుక్కలో మీకే తెలియని స్థితి వస్తుంది. మొదట్లో రాత్రంతా పనిచేసిన చుక్క ఇప్పుడు రెండు మూడు గంటలకే చాలించుకుంటోందంటే గుర్తు అదే. దీన్ని వదలకుండా మంచం కింద ఎన్ని ఇటుకలు పెట్టినా ఫలితం అరకొరే.

ఒక్కసారే మానేస్తే మొదటి మూడు నాలుగు రాత్రులు నరకం, చాలామంది అక్కడే ఓడిపోయి మళ్లీ సీసా అందుకుంటారు. సులువైన దారి ఒకటుంది. ముందు ఒక రంధ్రంలో మాత్రం మానేయండి, రెండో దానిలో రాత్రి ఒక్కసారే వేసుకోండి. మానిన వైపు వారం పది రోజుల్లో తనంతట తాను తెరుచుకుంటుంది. అప్పుడు రెండోది కూడా మానేయండి. ఈ మధ్య కాలానికి మీ డాక్టరు ఫ్లూటికాసోనో మోమెటాసోనో స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు. స్టెరాయిడ్ అనగానే టెన్షన్ పడక్కర్లేదు, అది ముక్కు పొర మీదే పనిచేస్తుంది, ఒంట్లోకి వెళ్లేది చాలా తక్కువ. చుక్కల్లా వేసిన వెంటనే తెరవదు. పూర్తి గుణం తెలియడానికి రెండు వారాలు పట్టొచ్చు, రెండో రోజే పనిచేయలేదని పక్కన పడేయకండి. కొట్టేటప్పుడు తల కొంచెం కిందికి వంచి, కుడి రంధ్రానికి ఎడమ చేత్తో, ఎడమ దానికి కుడి చేత్తో పట్టుకోండి. మందు మధ్య గోడ మీద కాకుండా బయటి గోడ మీద పడుతుంది, ముక్కులోంచి రక్తం రావడం తగ్గుతుంది. బీపీ ఉంటే చుక్కలు వాడుతున్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

పడుకోబోయే ముందు గంటను ఇలా వాడుకోండి. పదకొండుకు పడుకుంటారనుకుంటే పదింటికి ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవాలి. పావు లీటరు నీళ్లకు సమంగా గీసిన అర టీస్పూను లోపు ఉప్పు. అయోడిన్ లేని ఉప్పైతే మంట తక్కువ, మందుల షాపులో కొలిచిన పొట్లాలు కూడా దొరుకుతాయి. నీళ్లను మాత్రం తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించి గోరువెచ్చగా చల్లార్చాలి. బబుల్ టిన్ను నీళ్లయినా, ఫిల్టరు నీళ్లయినా ఇది తప్పదు. తాగితే ఏమీ చేయని ఒక అమీబా ముక్కులోంచి వెళితే మెదడుకు ఎక్కుతుంది. చాలా అరుదు, కానీ సోకితే బతకడం కష్టం. సింకు మీద వంగి, తల ఒక పక్కకు వాల్చి, నోటితో ఊపిరి తీస్తూ పై రంధ్రంలో పోస్తే కింది దానిలోంచి వస్తాయి. అయ్యాక రెండు మూడుసార్లు ముందుకు వంగి మిగిలిన నీళ్లు కారనివ్వండి. కడిగిన వెంటనే పడుకుంటే ఆ నీళ్లు గొంతులోకి దిగి దగ్గు వస్తుంది, ఆ గంట ఎడం అందుకే. పదిహేను నిమిషాలాగి స్ప్రే కొట్టుకోండి.

విక్స్, అమృతాంజనం రాసుకుంటే హాయిగా ఉంటుంది. చల్లదనం తెలిసి గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, లోపలి దారి మాత్రం పెద్దగా మారదు. ఛాతీకి రాసుకోండి, ముక్కు రంధ్రాల్లో వద్దు. ఆవిరి కూడా అంతే, కాసేపటి సుఖం.

వీటన్నిటి కంటే పడగ్గది ముఖ్యం. కాకినాడలో దోమలు లేని ఇల్లు ఉండదు కనుక, మీ మంచం కింద దోమల చక్రం వెలుగుతూ ఉండొచ్చని నా అనుమానం. ఒక చక్రం పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన లెక్క. తలుపులు మూసిన గదిలో రాత్రంతా ఆ పొగ పీల్చే ముక్కు వాచకుండా ఎలా ఉంటుంది? దోమతెర కట్టుకోండి. సాంబ్రాణి వేసే అలవాటుంటే సాయంత్రమే వేసి, పడుకునే లోపు కిటికీలు తెరిచి పొగ పోనివ్వండి. దిండు సంగతి కూడా చూడండి. ఏళ్ల నాటి బూరుగుదూది దిండు, సముద్రం పక్క ఊరి తేమ, ఈ రెండూ దుమ్ము పురుగులకు పండగ. కంటికి కనపడని ఆ పురుగుల రెట్ట చాలామందికి ఎలర్జీ. గలీబులు, దుప్పట్లు వారానికోసారి చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో ఉతకండి. దిండు పాతదైతే ఎండలో వేయడంతో సరిపెట్టకుండా మార్చేయండి. ఉదయం లేవగానే వరస తుమ్ములు, ముక్కులో దురద ఉంటే ఈ పేరా మీకోసమే అనుకోండి.

ఒక హెచ్చరిక, ఇది మీ ఇంట్లో మనవలో మేనల్లుళ్లో ఉంటే. పెద్దలకు చెప్పిన ఈ వాలూ దిండూ ఏడాది లోపు పిల్లలకు వర్తించవు. వాళ్లను గట్టి పరుపు మీద, దిండు లేకుండా, వెల్లకిలా చదునుగానే పడుకోబెట్టాలి. ముక్కు దిబ్బడకు సెలైన్ చుక్కలే చాలు.

వాలు ప్రభావం మొదటి వారంలోనే కొంత తెలుస్తుంది, చుక్కలు మానిన ప్రభావం రెండు మూడు వారాలకు. నెల దాటినా రాత్రుళ్లు ఇలాగే ఉంటే ముక్కులోకి ఎండోస్కోపు పెట్టి చూడాల్సిందే. అంతవరకు ఆగకూడనివి కొన్ని ఉన్నాయి. ఒకే వైపు దిబ్బడతోపాటు రక్తమో చెడు వాసనో వస్తుంటే, వాసనలు తెలియడం పోతే, కంటి చుట్టూ వాచి జ్వరం వస్తే వెంటనే వెళ్లండి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారా అని మీ ఆవిడను అడగండి, ఆ సంగతి మీకు తెలియదు, ఆమెకు తెలుస్తుంది. అవునంటే, పగలు కొట్లో కూర్చునే నిద్ర ముంచుకొస్తుంటే, అది ముక్కుతో ఆగే జబ్బు కాదు, నిద్ర పరీక్ష చేయించాలి. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వారం రోజుల ప్లేటు లెక్క రాసిన కాగితం, చుక్కల సీసా రెండూ జేబులో పెట్టుకెళ్లండి. సగం ప్రశ్నలకు అక్కడే జవాబు దొరుకుతుంది.